ఎండ్ స్క్రీన్‌లో ఒకే ఒక్క బొమ్మ

ఆయన తెర మీద వేలు పెట్టిన సంగతి నాకు రెండు రోజుల తర్వాత తెలిసేది. ఛానల్ లెక్కలు అంత ఆలస్యంగా వచ్చేవి. మంగళవారం పొద్దున టీ తాగుతూ లాప్‌టాప్ తెరిస్తే ఆదివారం నాటి అంకె కనపడేది: ఎండ్ స్క్రీన్ మీద నాలుగు క్లిక్‌లు. అంటే ఆదివారం ఆయన ఒక పాఠం పూర్తి చేసి, చివర్లో వచ్చే చిన్న బొమ్మను ముట్టుకుని రెండో పాఠానికి వెళ్ళారు. అలా నాలుగుసార్లు. ఆ మొదటి వారాల్లో మా ఛానల్ చూసేది ఆయన ఒక్కరే కాబట్టి ఆ అంకె ఆయనదే. నా భర్త ఆఫీసుకి బయలుదేరుతూ "ఈ రోజు ఎంత?" అని అడిగేవాడు. నాలుగు అంటే తల ఊపి వెళ్ళిపోయేవాడు. సున్నా అంటే వంగి బూట్లు వేసుకునేవాడు.

అప్పుడు మేము అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆయన మా తెలుగు చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. వారం రోజులూ ఒక కార్ల కంపెనీ టెస్ట్ ల్యాబ్‌లో ఇంజిన్లు పరీక్షించే పని, ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ చర్చి వాళ్ళు మాకు అద్దెకిచ్చిన హాల్లో హార్మోనియం. కోనసీమ మనిషి. యాభై ఏడేళ్ళు. నేను అంకుల్ అనేదాన్ని, ఆయన భార్యను ఆంటీ అనేదాన్ని. ఒక ఫిబ్రవరి పొద్దున డ్రైవ్‌వేలో మంచు తోస్తూ ఆయన కుప్పకూలిపోయారు. మెదడులో ఎడమ వైపు స్ట్రోక్. కుడి చెయ్యి పోయింది, చూపులో కుడి సగం పోయింది, మాట పోయింది. మిగిలింది ఒకే మాట: "అదే." ఆకలేస్తే అదే, కోపం వస్తే అదే, మనిషిని గుర్తుపట్టి నవ్వినప్పుడూ అదే. మనం చెప్పేది మాత్రం చాలా వరకు అర్థమయ్యేది. తెలుగులో చెబితే.

ఆ చివరి ముక్క వల్లే నేను ఇందులోకి వచ్చాను. హైదరాబాద్‌లో నేను స్పీచ్ థెరపిస్ట్‌గా ఆరేళ్ళు పనిచేశాను, ఎక్కువగా మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలతో. పెళ్ళయి ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చాక ఆ పని లేదు. పర్మిట్ లేదు, ఈ రాష్ట్రం లైసెన్సూ లేదు. ఆంటీ ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను కోట్లు తగిలించే గది దగ్గర ఆపారు.

"ఇన్సూరెన్స్ వాళ్ళిచ్చిన విజిట్స్ అయిపోయాయమ్మా," అన్నారు. "ఆ థెరపిస్ట్ అమ్మాయి మంచిదే. కానీ కప్ అనండి, స్పూన్ అనండి అంటది. ఈయనకి కప్ రాదు. గ్లాసు అంటే కళ్ళు కదుల్తాయి. నువ్వు ఏమైనా చెయ్యగలవా?"

"నేను ట్రీట్ చెయ్యకూడదు ఆంటీ. లైసెన్స్ లేదు."

"ట్రీట్‌మెంట్ వద్దులే. మాట్లాడించు చాలు. నేను పొద్దున ఎనిమిదింటికి డెంటల్ ఆఫీస్‌కి వెళ్తే ఐదింటికి వస్తాను. మానెయ్యడానికి లేదు, కవరేజ్ అంతా నా జాబ్ మీదే ఉంది. అన్ని గంటలూ ఆయన కిటికీ వైపు చూస్తా కూర్చుంటారు."

మాకు ఒకటే కారు. దాన్ని నా భర్త ఆఫీసుకి తీసుకెళ్ళేవాడు. వాళ్ళిల్లు మాకు పదకొండు మైళ్ళు. అందుకని వీడియోలు అనుకున్నాం. నా భర్తే ఛానల్ తెరిచి ఇచ్చాడు. "థెరపీ అనే మాట ఎక్కడా రాయకు," అన్నాడు. "ప్రాక్టీస్ అని పెట్టు."

ఒక్కో వీడియో నాలుగు నిమిషాలు. ఒక వస్తువు చూపించి, పేరు సగం పలికి ఆగుతాను. ఆయన మిగతాది అనాలి. "దాహం వేస్తే తాగేవి... నీ..." అని ఆగి, నెమ్మదిగా పది లెక్కపెట్టుకుని, "నీళ్ళు" అంటాను. అలాంటివి వీడియోకి ఆరు. వస్తువుల కోసం, ఎవరో ఇంటి ముందు పాత సామాను అమ్మే గరాజ్ సేల్‌లో ప్లాస్టిక్ పండ్లు, ఆవు, కోడి, చిన్న వంట సామాను ఉన్న పెట్టె కొన్నాను. మా భోజనాల బల్ల మీద పసుపు రంగు దుప్పటి పరిచి, వాటిని ఒక్కొక్కటిగా పెట్టి తీశాను.

పన్నెండు వీడియోలు ఎక్కించాక అసలు ప్రశ్న వచ్చింది. ఒకటి అయ్యాక రెండోదానికి ఆయన ఎలా వెళ్ళాలి? అక్షరాలు చదవలేరు, టైప్ చెయ్యలేరు, నోటితో చెప్పలేరు. ఉన్నది ఎడమ చెయ్యి, అందులో చూపుడు వేలు. ఆంటీ ఒక టాబ్లెట్ కొని, దాన్ని నిలబెట్టే స్టాండ్ బల్లకు బిగించారు. పొద్దున వెళ్ళేటప్పుడు మొదటి వీడియో పెట్టేవారు. తర్వాతిదంతా ఎండ్ స్క్రీన్ చూసుకోవాలి.

ఎండ్ స్క్రీన్ అంటే వీడియో చివరి సెకన్లలో తెర మీద మనం అతికించుకునే బొమ్మలు. ముట్టుకుంటే అదే ఛానల్‌లోని ఇంకో వీడియో మొదలవుతుంది. నాలుగింటి వరకు పెట్టుకోవచ్చు. నాకేం తెలుసు, నాలుగూ పెట్టాను. ఒకటి ప్లేలిస్ట్, ఒకటి సబ్‌స్క్రైబ్ గుండ్రం, ఒకటి కొత్తగా ఎక్కించిన వీడియో, ఒకటి చూసేవాళ్ళకు ఏది సరిపోతుందో సైట్ తానే ఎంచి ఇచ్చే వీడియో. ఛానల్ పెరగాలంటే అలా పెట్టాలని ఎవరో చెప్పగా విన్నాను. మా ఛానల్ పెరగనక్కర్లేదన్న ఆలోచన రాలేదు.

మొదటి రోజు సాయంత్రం ఆంటీ ఫోన్ చేశారు. "నేను వచ్చేసరికి ఏడుస్తున్నారమ్మా. పన్నెండో వీడియోలో ఉన్నారు."

పన్నెండోది అన్నిటికంటే కష్టమైనది. పూర్తి వాక్యాలు. కొత్తగా ఎక్కించిన వీడియో అని నేను పెట్టిన బొమ్మ ఆయన్ని రెండో పాఠానికి కాక నేరుగా అక్కడికి పంపింది. రెండో రోజు ఆ బొమ్మ తీసేశాను. అప్పుడు ఆయన ప్లేలిస్ట్ బొమ్మ ముట్టుకున్నారు. అది ప్లేలిస్ట్‌ని మొదటి నుంచి మొదలుపెట్టింది. మొదటి పాఠం అవడం, ముట్టుకోవడం, మళ్ళీ మొదటి పాఠం. ఆ రోజు ఆయన "నీళ్ళు" పాఠం ఎన్నిసార్లు చూశారో నాకు తెలియదు. ఆంటీ మాత్రం, ఇంట్లోకి రాగానే ఆయన నీళ్ళ గ్లాసు తోసేశారని చెప్పారు.

అప్పుడు నేను నా భర్తతో పాటు వాళ్ళింటికి వెళ్ళి, ఆయన పక్కన కూర్చుని, ఆయన ఎలా చూస్తున్నారో చూశాను. అంతకు ముందే చెయ్యాల్సిన పని అది. తెర కుడి వైపున ఏది వచ్చినా ఆయనకు లేనట్టే. వీడియో మధ్యలో కార్డ్ అనే చిన్న పట్టీ వస్తుంది, అదీ ఇంకో వీడియోకి దారే. కష్టంగా అనిపిస్తే తేలిక పాఠానికి వెళ్ళిపోవచ్చని ప్రతి వీడియోలో ఒక కార్డ్ పెట్టాను. అది కుడి పక్క పై మూలలో వస్తుంది. ఏ నిమిషంలో రావాలో మనం చెప్పవచ్చు కానీ ఏ మూలకు రావాలో చెప్పలేం. ఆయన దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. నేను "అంకుల్, అక్కడ" అని వేలితో చూపిస్తే మెడ తిప్పి, నా వేలిని చూసి, మర్యాదగా తల ఊపారు.

ఇంటికొచ్చి అన్ని వీడియోల్లో ఎండ్ స్క్రీన్ మార్చాను. నాలుగు బొమ్మలు తీసేసి ఒకటే పెట్టాను. ఎడమ వైపు, సాధ్యమైనంత పెద్దది. అందులో ప్లేలిస్ట్ కాదు, కొత్త వీడియో కాదు. నేను పేరు పెట్టి ఎంచిన తర్వాతి పాఠం. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి. దానికి చివరి ఇరవై సెకన్లకంటే ఎక్కువ సైట్ ఇవ్వనివ్వదు. ఆయన చెయ్యి ఒడి నుంచి లేచి తెర చేరడానికే పదిహేను పడుతుంది. ఇరవై దాటితే వీడియో అయిపోయి, సైట్ తన ఇష్టం వచ్చిన వీడియోలు తెర నిండా పరిచేది. రాజకీయ చర్చలు, జాతకాలు. ఒకసారి అలా అయి, ఆంటీ వచ్చేసరికి ఇద్దరు మనుషులు తెర మీద అరుచుకుంటున్నారట. అందుకని ప్రతి పాఠం చివరా కొత్తగా తీసి కలిపి, మళ్ళీ ఎక్కించాను. ఎండ్ స్క్రీన్ రావడానికి కాస్త ముందే "చెయ్యి పైకెత్తి ఉంచండి అంకుల్. ఎడమ వైపు బొమ్మ వస్తుంది. వెళ్దామనుకుంటే ముట్టుకోండి" అంటాను. తర్వాత ఇరవై సెకన్లు నేను కెమెరాకు కుడి పక్కన కదలకుండా కూర్చుంటాను, ఎడమ పక్క పసుపు దుప్పటి ఖాళీగా కనపడేలా. అలా కదలకుండా కూర్చోవడం నాకు చాలా కష్టమయ్యేది. ఎవరూ లేని గదిలో, ఎవరో చెయ్యి ఎత్తే దాకా ఎదురు చూసినట్టు ఉండేది.

అది పని చేసింది. నాలుగు క్లిక్‌లు వచ్చిన ఆదివారం ఆ వారమే. తర్వాత రోజూ మూడు, అయిదు, ఒకసారి ఏడు. ఏప్రిల్ చివర్లో ఆయన "నీళ్ళు" అన్నారు. వీడియోతో పాటు కాదు, వంటింట్లో ఆంటీ వెనక నిలబడి. మే నెలలో "చాలు" అన్నారు. ఆంటీ ఆ రోజు ఆఫీస్ పార్కింగ్ నుంచి నాకు ఫోన్ చేశారు. "రెండో ఇడ్లీ వేస్తుంటే చాలు అన్నారమ్మా. ముప్పై ఏళ్ళు విన్న మాట అది. ఇవాళ విని అక్కడే కూర్చుండిపోయాను."

నేను పాఠాలు పెంచుతూ పోయాను. ఇరవై, ముప్పై. దానితో పాటు ఇంకో సంగతి కూడా నాకు తెలిసింది. ఆయన రోజంతా తన ఇష్టంతో చేసే పని అదొక్కటే. అన్నం ఆంటీ పెడతారు, చొక్కా ఆంటీ వేస్తారు, టీవీ ఆంటీ ఆన్ చేస్తారు. ఆ బొమ్మ ముట్టుకోవాలా వద్దా అన్నది మాత్రం ఆయన చేతిలో ఉంది. అలసిపోతే ముట్టుకునేవారు కాదు. కిటికీ వైపు తిరిగేవారు. మళ్ళీ బుద్ధి పుడితే తిరిగి వచ్చేవారు.

ముప్పై ఎనిమిదో పాఠం తీసిన వారంలో ఒక మెయిల్ వచ్చింది. బుధవారం, మధ్యాహ్నం. మా ఛానల్‌లోని ఇరవై తొమ్మిది వీడియోలను పిల్లల కోసం చేసినవిగా గుర్తించామని ఉంది. చదివి, సరేలే అనుకున్నాను. పిల్లలు చూస్తే మాత్రం నష్టమేముంది? అరగంట తర్వాత, ఛానల్ లెక్కలూ మార్పులూ చూసుకునే స్టూడియో పేజీ తెరిచి చూస్తే ఆ ఇరవై తొమ్మిదింటికీ ఎండ్ స్క్రీన్ లేదు, కార్డ్‌లు లేవు, కామెంట్లు లేవు. పిల్లల వీడియోల్లో అవి ఉండకూడదని నియమం. పిల్లల్ని ఒకదాని నుంచి ఇంకోదానికి లాక్కుపోకూడదని. నియమం మంచిదే. నాకు పిల్లలుంటే నేనూ అదే కోరుకునేదాన్ని.

వీడియో ఎవరి కోసమో మనమే చెప్పే గడి ఒకటి ఉంటుంది. నేను మొదట్నుంచీ పిల్లల కోసం కాదనే పెట్టాను. ఇప్పుడు ఆ గడి బూడిద రంగులోకి మారి కదలడం లేదు. కింద అప్పీల్ అని ఒక మాట ఉంది. దాన్ని నొక్కి రాశాను. వీటిని చూసేది స్ట్రోక్ వచ్చిన పెద్దవాళ్ళని, చదవలేరని, ఆ బొమ్మ లేకపోతే తర్వాతి పాఠానికి వెళ్ళలేరని. పంపాను. అందింది అని వచ్చింది. అంతే. ఫోన్ నంబర్ కోసం వెతికాను, లేదు. మాట్లాడడానికి ఒక మనిషి ఎక్కడా లేడు.

నా భర్త ఆఫీస్ నుంచి వచ్చి నా పక్కన కూర్చుని నాలుగు వీడియోలు చూశాడు. చివరికి మెల్లగా అన్నాడు, "కోప్పడకు. నాకూ పిల్లల వీడియోలానే ఉంది."

నేను కోప్పడ్డాను. తర్వాత నేనూ చూశాను, మొదటిసారి సౌండ్ పెంచి, నా వీడియో కానట్టు. పసుపు దుప్పటి. ప్లాస్టిక్ ఆవు. నా గొంతు సాగదీసుకుంటూ, ప్రతి మాట చివర కొంచెం పైకి లేస్తూ. ఆరేళ్ళు పిల్లలతో మాట్లాడిన గొంతు. దాన్ని నేను యాభై ఏడేళ్ళ మనిషికి, వందమంది చేత నాలుగు స్వరాల్లో పాడించిన మనిషికి, అలాగే పట్టుకెళ్ళి వినిపించాను. ముద్ర వేసిన యంత్రం చూసింది తప్పేమీ కాదు. అది తెలిశాక అప్పీల్ గెలుస్తామన్న నమ్మకం కూడా పోయింది.

ఆ సాయంత్రం ఆంటీకి ఫోన్ చేసి చెప్పాను. అక్కడే తప్పు జరిగింది. ఆవిడ స్పీకర్‌లో పెట్టి, కూర కలుపుతూ వింటున్నారు. ఆయన అదే గదిలో ఉన్నారని నాకు తెలియదు.

"పిల్లల వీడియోలు అనుకుంటున్నారా?" అని ఆంటీ గట్టిగా అన్నారు. "ఈయన చూసేవి చిన్నపిల్లలవని మార్క్ చేశారా?"

"ఆంటీ, అంకుల్ ఉన్నారా అక్కడ?"

గరిటె పక్కన పెట్టిన చప్పుడు వచ్చింది. తర్వాత ఆంటీ స్పీకర్ తీసేసి, ఫోన్ దగ్గరగా పెట్టుకున్నారు. "ఉన్నారు," అన్నారు. "విన్నారు."

నేను వదిలిపెట్టకుండా ప్రయత్నించాను. ప్లేలిస్ట్ ఒకటి మిగిలింది, దాన్ని వాళ్ళు తీసెయ్యలేదు. ముప్పై ఎనిమిది పాఠాలూ వరసగా పేర్చి, ఆ ప్లేలిస్ట్ నేరుగా తెరుచుకునేలా టాబ్లెట్ మొదటి తెర మీద గుర్తు పెట్టాను. ఒకసారి మొదలైతే ఒకటి అవగానే రెండోది దానంతట అదే వస్తుంది. ముట్టుకోనక్కర్లేదు. ఇదే బాగుంటుందేమో, చెయ్యి ఎత్తే శ్రమ తప్పింది కదా అని ఆంటీకి చెప్పాను కూడా.

శుక్రవారం నా భర్త ఇంటి నుంచి పని చేస్తుంటే కారు తీసుకుని వెళ్ళాను. ఆంటీ ఆఫీసులో ఉన్నారు, తాళం ఎక్కడుంటుందో చెప్పారు. ఆయన తెర ముందు కూర్చుని ఉన్నారు. ఒక పాఠం నడుస్తోంది. నా గొంతు "ఎడమ వైపు బొమ్మ వస్తుంది, వెళ్దామనుకుంటే ముట్టుకోండి" అంది. ఆయన చెయ్యి ఎత్తారు. బొమ్మ రాలేదు. పసుపు దుప్పటి మీద వేలు అలాగే ఆనించి ఉంచారు. పాఠం ఆగింది, ఆయనే ఆపేశారు, తెలియక. నేను మళ్ళీ నడిపించాను. అది ముగిసీ ముగియగానే తర్వాతిది మొదలైంది. ఆయన ఇంకా ముందు పాఠంలోని చివరి మాట కోసం పెదాలు కూడదీసుకుంటున్నారు. తెర మీద నేను అప్పటికే "శుభోదయం అంకుల్, ఈ రోజు కూరగాయలు" అంటున్నాను.

ఆటోప్లే ఆపితే ఆగుతుందేమోనని ఆపి చూశాను. ప్లేలిస్ట్ ఆ మాట వినదు, లోపల ఉన్నంత సేపు సాగిపోతూనే ఉంటుంది. ఆయన వైపు చూస్తే ముఖం చెమటలు పట్టి ఉంది. పాఠం తర్వాత పాఠం, పొద్దుట్నుంచి. వద్దన్నా ఆపేవాళ్ళు పగలంతా ఇంట్లో లేరు.

"ఆపేద్దామా అంకుల్?" అన్నాను.

"అదే," అన్నారు. తర్వాత చాలా ప్రయత్నించి, "చాలు" అన్నారు. తర్వాత ఎడమ చేత్తో టాబ్లెట్‌ని స్టాండ్‌తో సహా ముందుకు వంచి, తెర బల్లకు ఆనేలా బోర్లించారు. నన్ను చూసి నవ్వే ప్రయత్నం చేశారు. నన్ను ఓదార్చడానికి. నేను అక్కడ ఏడవకూడదని వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తెచ్చాను.

పాఠాల మధ్యలో విరామం కోసం అయిదు నిమిషాల ఖాళీ వీడియో చేసి ప్లేలిస్ట్‌లో ఇరికించాను. చెరువు ఫొటో, శబ్దం లేదు. టాబ్లెట్ పాడైందనుకుని ఆయన దాన్ని తడుముతూ కూర్చున్నారని ఆంటీ చెప్పారు. అదీ తీసేశాను.

చివరికి కొత్త పాఠాలు మొదలుపెట్టాను. ప్లాస్టిక్ ఆవును పెట్టెలో పడేసి, ఆయన గరాజ్ నుంచి ఆంటీ చేత వస్తువులు తెప్పించుకున్నాను. స్పార్క్ ప్లగ్, పానా, ఫ్యాన్ బెల్ట్, గాలి ఫిల్టర్. వెనకాల తెల్ల గోడ. ఒక పెద్ద మనిషితో మాట్లాడుతున్నట్టు మాట్లాడడం నేర్చుకున్నాను. "ఇది బిగించడానికి వాడతాం. పా..." ఇలాంటివి తొమ్మిది చేశాను. వీటికి ఎవరూ పిల్లల ముద్ర వెయ్యలేదు, ఎండ్ స్క్రీన్ వచ్చింది. కానీ తొమ్మిది పాఠాలు రెండు రోజుల్లో అయిపోతాయి. తొమ్మిదోదాని చివర ఆయన ఆగిపోయిన పాత పాఠం పెట్టవలసి వచ్చింది, ముద్ర పడినదే. ఆ బొమ్మ ఆయన్ని పాత పాఠంలోకి తీసుకెళ్ళేది, అక్కడి నుంచి బయటికి దారి లేదు. లెక్కల్లో అది స్పష్టంగా కనపడేది. తొమ్మిదో పాఠం మీద ఒక క్లిక్, తర్వాత ఏమీ లేదు. రెండో వారంలో క్లిక్‌లు రెండు. మూడో వారంలో సున్నా.

"చూడట్లేదమ్మా," అన్నారు ఆంటీ చర్చిలో. "పెడితే కళ్ళు మూసుకుంటారు. స్పార్క్ ప్లగ్ వీడియో ఒకటి మాత్రం మొత్తం చూశారు. కానీ తర్వాత ముట్టుకోలేదు."

"నేను ఇంకా చేస్తాను ఆంటీ. ఇంకో ఇరవై చేస్తే పాతవాటితో పని ఉండదు."

"చెయ్యి," అన్నారు ఆవిడ, కానీ నా చెయ్యి పట్టుకుని, నన్ను సముదాయించే గొంతుతో. ఆ రోజు ఆరాధనలో ఆయన వెనక వరసలో కూర్చున్నారు. అందరూ పాడుతుంటే ఆయన పెదాలు కదిలాయి. పాటలో మాటలు వస్తాయి ఇలాంటి వాళ్ళకు, అది నాకు చదువుకున్న విషయమే. కానీ పాట ఆగగానే ఆయనా ఆగిపోయారు. పక్కన ఉన్నాయన ఏదో అడిగితే తల దించుకున్నారు. అంతకు ముందు అయితే "అదే" అనేవారు.

ఆగస్ట్‌లో నా భర్త ప్రాజెక్ట్ అయిపోయింది. కొత్త క్లయింట్ బెంటన్‌విల్‌లో, రెండు వారాల్లో జాయిన్ కావాలి, ఆలస్యమైతే వీసా స్టేటస్ పోతుంది. ఇరవై పాఠాలు చేద్దామనుకున్న నేను సామాను సర్దాను. వెళ్ళే ముందు చెప్పడానికి వెళ్తే ఆయన వాకిట్లో కుర్చీలో ఉన్నారు. ఆంటీ ఆయనకు అన్నీ వివరించారు, ఆర్కన్సా అని, ఒక రోజంతా డ్రైవ్ అని. ఆయన నా తల మీద ఎడమ చెయ్యి పెట్టారు. నోరు తెరిచి, మళ్ళీ మూసేశారు. నేను ఆ మాట కోసం ఎదురు చూశాను. పది లెక్కపెట్టాను, ఇంకో పది కూడా. రాలేదు. నేనూ అందివ్వలేదు. ఏ మాట కోసం వెతుకుతున్నారో నాకు తెలిస్తే కదా.

అప్పీల్‌కి జవాబు అక్టోబర్‌లో వచ్చింది. బెంటన్‌విల్‌లో, కిరాణా దుకాణం పార్కింగ్‌లో కారులో కూర్చుని చదివాను. ఇరవై తొమ్మిదింటిలో ఇరవై ఒక్కటి మార్చారు. ఎనిమిది పిల్లలవిగానే ఉంచారు. ఎందుకో రాయలేదు. ఆవు, కోడి అందులో ఉన్నాయి, అది అర్థమైంది. "నీళ్ళు" ఎందుకుందో అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళి ఆ ఎనిమిదింటినీ దాటేసేలా మళ్ళీ ఒక్కో వీడియోకి తర్వాతి పాఠం కలుపుకుంటూ వచ్చాను. ఎడమ వైపు, పెద్దగా. సాయంత్రానికి గొలుసు మళ్ళీ తయారైంది. ఆంటీకి ఫోన్ చేశాను.

"వద్దులేమ్మా," అన్నారు. ఆయన్ని పగలు ఒక సెంటర్‌లో దింపుతున్నారట, అక్కడ తెలుగు వచ్చినవాళ్ళు ఎవరూ లేరు, కానీ పడిపోకుండా చూసుకుంటారు. "ఇంటికి వచ్చేసరికి అలిసిపోతున్నారు. టాబ్లెట్ బీరువాలో పెట్టాను. అది కనపడితే ముఖం అటు తిప్పేసుకుంటున్నారు, ఎందుకు బలవంతం చెయ్యడం?"

"చాలు అంటున్నారా ఆంటీ, ఇంకా?"

"లేదమ్మా," అన్నారు. "ఈ మధ్య అనట్లేదు."

ఛానల్‌ని నేను మూసెయ్యలేదు. మూసెయ్యాలని రెండుసార్లు అనుకున్నాను. ఈలోగా ఎవరో చూడడం మొదలుపెట్టారు. డిసెంబర్‌లో ఒక వారం ఎండ్ స్క్రీన్ మీద రోజూ పది దాకా క్లిక్‌లు వచ్చాయి. వెంటనే ఆంటీకి మెసేజ్ పెట్టాను. టాబ్లెట్ బీరువాలోనే ఉంది, ఛార్జ్ కూడా లేదని జవాబిచ్చారు. చూసేది ఇంకెవరో. కొన్ని రోజులకు ముప్పై ఎనిమిదో పాఠం కింద ఒక కామెంట్ వచ్చింది. తన తల్లికి ఇవి చూపిస్తున్నానని, బొమ్మ వస్తుందని చెప్పారు కానీ రాలేదని, అమ్మ వేలు పెట్టి చూస్తోందని, ముప్పై తొమ్మిదో పాఠం ఎక్కడుందని అడిగింది ఒకావిడ.

ముప్పై తొమ్మిదో పాఠం లేదు. ముప్పై ఎనిమిది తీసినప్పుడు రేపో ఎల్లుండో తర్వాతిది తీస్తాననుకుని, ఎప్పటిలాగే చివర్లో చెయ్యి ఎత్తమని చెప్పి, ఇరవై సెకన్లు పక్కన కూర్చున్నాను. ఆ వారమే మెయిల్ వచ్చింది. ఆ ముప్పై ఎనిమిదిని పిల్లలదిగా గుర్తించనే లేదు, దానికి ఎండ్ స్క్రీన్ ఎప్పుడూ అందుబాటులోనే ఉంది. అందులో పెట్టడానికే ఏమీ లేదు.

ఆవిడకు జవాబు రాయబోయి చాలాసేపు కూర్చున్నాను. కెమెరా అట్టపెట్టెలోంచి ఇంకా తీయలేదు. తీసి, తెల్ల గోడ ముందు పెట్టుకుని, ఒక మాట సగం పలికి ఆగాను. పది లెక్కపెట్టే లోపల నా గొంతు ఎవరితో మాట్లాడుతోందో నాకే తెలియలేదు. కెమెరా ఆపేశాను. తర్వాత స్టూడియో తెరిచి స్పార్క్ ప్లగ్ పాఠాన్ని ముప్పై ఎనిమిది చివర ఎడమ వైపు పెట్టాను. దానికి ముందు పాఠాలతో సంబంధం లేదు. ఆవిడ తల్లికి స్పార్క్ ప్లగ్‌తో పని ఉంటుందని కూడా నేననుకోను. ఆ వేలికి ఏదో ఒకటి అందాలని పెట్టాను.

"ఇప్పుడు వస్తుంది, చూడండి," అని ఆవిడకు రాశాను. మర్నాడు ఆవిడ థాంక్స్ అని రాసింది. తల్లి సంగతి ఏమీ రాయలేదు. నేను అడగలేదు.